అయిదుగురని రాస్తే

నేను చెప్పేవాటిలో సగం అబద్ధాలని ఈ కాలేజీలో పిల్లలంతా అంటారు. మిగతా సగం కూడా అబద్ధాలేనని మా ఇంటావిడ అంటుంది. ఆవిడకి నా మీద అంత నమ్మకం. అందుకని ముందే ఒక మాట చెప్పేస్తున్నాను. ఈ కథలో దయ్యం లేదు. ఉందని మీకు అనిపిస్తే అది మీ ఇష్టం. నేను మాత్రం కళ్లతో చూసింది, వేళ్ల మీద లెక్కపెట్టింది చెబుతున్నాను.

నా పని ఆడిటోరియం. తాళాలు, తెర, దీపాలు, కుర్చీలు, ఎవరూ పిలవకుండా వచ్చే పిల్లులు, అన్నీ నా చేతి కిందే. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆ స్టేజీ ఊడుస్తున్నాను. ఎన్నో పలక మీద అడుగు పడితే ఎలా కిర్రుమంటుందో కళ్లు మూసుకుని చెప్పగలను. స్టేజీ పక్కన ఒక చిన్న గది ఉంది. వేషాల పెట్టెలు, విరిగిన మైకులు పడేసే గది. కాలేజీ మొత్తంలో ఇంటర్నెట్ సరిగ్గా అందేది ఆ గదిలోనే. ఎందుకని అడగకండి. ప్రిన్సిపాలు గారి గదిలో కూడా అందదు.

ఆ రోజు మధ్యాహ్నం ఒంటిగంటకి పిచ్చుక లాప్‌టాప్ పట్టుకుని ఆ గదిలోకి వచ్చి కూర్చుంది. పిచ్చుక అంటే రెండో సంవత్సరం పిల్ల. మనిషి గుప్పెడంత, నోరు ఊరంత. ఆ రోజు మాత్రం నోరు మెదపలేదు. సాయంత్రం నాలుగింటికల్లా ఉత్సవం పోస్టరు తయారవ్వాలి. మూడు రోజుల ఉత్సవం, పేరు 'సందడి'. ప్రెస్సువాడు నాలుగు దాటితే ఇక తీసుకోనన్నాడు. కాలేజీ కొన్న బొమ్మల ఏఐ ఒకటి ఉంది. ఏం కావాలో మాటల్లో రాస్తే బొమ్మ గీసి ఇస్తుంది. అలా రాసేదాన్ని వీళ్లు ప్రాంప్ట్ అంటారు. ఒక్కో విద్యార్థికి రోజుకి మూడు బొమ్మలే ఇస్తుందట. నాలుగోది అడిగితే రేపు రమ్మంటుంది, మా ఆఫీసు గుమస్తా లాగే.

"మూడు చాలవూ?" అన్నాను.

"చాలకపోతే పాత పోస్టరే వేస్తారు తాతా," అంది పిచ్చుక.

అప్పుడు అర్థమైంది నాకు ఆ పిల్ల నోరెందుకు పడిపోయిందో.

పోయినేడు పోస్టరు గీసింది బొమ్మలక్క. పిల్లలంతా ఆమెని అలాగే పిలిచేవాళ్లు. చేత్తో రంగులు కలిపి గీసేది. ఆ బొమ్మలో స్టేజీ అంచున ఒక అమ్మాయి కాళ్లు కిందికి వేలాడేసి కూర్చుని ఉంటుంది. మనకి వీపే కనిపిస్తుంది. ఒంటి జడ, పక్కన విడిచిన చెప్పుల జత. ఎదురుగా ఖాళీ హాలు, అందులో వెలుగు. ఆ అమ్మాయి బొమ్మలక్కే. రిహార్సలు అయిపోయాక ఆమె రోజూ అక్కడే, అలాగే కూర్చునేది. లేమ్మా ఊడవాలి అంటే, ఊడువు తాతా నేనేం చెత్తనా అనేది. ఆ ఏడాదే వానల్లో జ్వరం వచ్చింది. పదకొండు రోజులు. అంతే.

బొమ్మలక్క వాళ్లమ్మ మా కాలేజీ లైబ్రేరియన్. ఎనిమిది నెలలుగా ఆవిడ ఎదుట ఎవరూ ఆ పిల్ల ఊసెత్తరు. నేనూ ఎత్తను. వసపిట్టలా వాగే నేను ఆవిడ కనిపిస్తే నోటికి తాళం వేసుకుని వంగి నమస్కారం పెట్టి పోతాను.

ఈ ఉత్సవం బాధ్యత చూసే మాస్టారు ఈ ఏడే కొత్తగా వచ్చాడు. మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ల మొహం కాకుండా చేతి గడియారం చూస్తాడు కాబట్టి పిల్లలు గడియారం మాస్టారు అని పేరు పెట్టారు. నాలుగింటికి కొత్తది రాకపోతే పాతదే తేదీ మార్చి నలభై కాపీలు వేయించేస్తానన్నాడు. పిచ్చుక ఆయనకి సంగతంతా చెప్పి చూసిందట. ఆయన గడియారం చూసుకుని, బొమ్మలో మొహమే లేదు కదమ్మా, వెనక్కి తిరిగిన పిల్లని ఎవరు గుర్తుపడతారు అన్నాడట.

"జడ అల్లిన చేతికి వెనక నుంచి తెలీదా తాతా?" అంది పిచ్చుక. నలభై గోడల మీద ఆ వీపు. లైబ్రరీ మెట్ల దగ్గర ఒకటి, కాంటీన్ దగ్గర ఒకటి, ఆవిడ నడిచే ప్రతి దారిలో ఒకటి. మూడు రోజుల ఉత్సవం కోసం నెల్లాళ్లు.

అందుకని పిచ్చుక ఉదయమే లైబ్రరీకి వెళ్లి, లైబ్రేరియన్ అమ్మగారు సీట్లో లేని సమయం చూసి, పాత పోస్టర్ల ఫైలు తెచ్చుకుంది. అసిస్టెంటు ఇచ్చేశాడు. పోయినేడు పోస్టరులో ఏమేమి ఉన్నాయో ఒక్కొక్కటే చూసి, అవేవీ రాకుండా జాగ్రత్త పడాలని దాని ఎత్తు. తెలివైన పిల్ల. తెలివైన వాళ్లు చేసే తప్పులు మనబోటి వాళ్లం చెయ్యలేం.

మొదటి ప్రాంప్ట్ రాయడానికి అరగంట పట్టింది. నాకు చదివి వినిపించింది. కాలేజీ ఉత్సవానికి పోస్టరు కావాలి, ఆడిటోరియం స్టేజీ ఉండాలి, సంతోషంగా ఉండాలి. స్టేజీ అంచున ఒంటరిగా కూర్చున్న అమ్మాయి ఉండకూడదు. ఒంటి జడ ఉండకూడదు. విడిచిన చెప్పులు ఉండకూడదు. ఖాళీ హాలు వద్దు, చీకటి వద్దు, దిగులు వద్దు. పైన 'సందడి' అని తెలుగులో పెద్ద అక్షరాలు.

కోర్టు కాగితంలా పకడ్బందీగా ఉందన్నాను. పిచ్చుక బటన్ నొక్కింది. లాప్‌టాప్ తెర మీద బూడిద రంగు మసక కాసేపు తిరిగింది. పక్కన స్టేజీ మీద ఫ్యాన్ కూడా తిరుగుతోంది, గాలికి తెర తాడు గోడకి తగిలి టక్కు టక్కుమంటోంది. మసక విడిపోయింది.

స్టేజీ అంచున ఒక అమ్మాయి కూర్చుని ఉంది. మనకి వీపు. ఒంటి జడ. పక్కన చెప్పులు. ఎదుట ఖాళీ హాలు. చుట్టూ చీకటి.

పిచ్చుక కుర్చీ వెనక్కి జరిపింది. నేను కూడా, వయసు మీద పడ్డవాణ్ని కాబట్టి, గోడకి ఆనుకున్నాను. పైన అక్షరాలున్నాయి. దూరం నుంచి చూస్తే తెలుగే. దగ్గరికి వెళితే మన బడిలో ఏ పంతులూ నేర్పని లిపి. తలకట్లున్నాయి, గుడులున్నాయి, ఒక్క అక్షరం లేదు. ఎవరో చెప్పాలనుకుని చెప్పలేకపోయినట్టు ఉంది.

"నేను దానికి పాత పోస్టరు చూపించలేదు తాతా," అంది పిచ్చుక నెమ్మదిగా. "ఫైలు ఇదిగో, బల్ల మీదే ఉంది. అక్క ఎలా ఉంటుందో దానికెలా తెలుసు?"

నాకేం తెలుసు. నాకు ట్యూబులైటు మార్చడం తెలుసు.

రెండోసారి మొదలుపెట్టింది. కొత్తగా మొదలుపెట్టకుండా ఆ బొమ్మ కిందే రాసింది. ఆ అమ్మాయిని తీసెయ్యి, మిగతాదంతా ఉన్నదున్నట్టే ఉంచు, వెలుతురు మాత్రం పెంచు. పొట్టిగా, గట్టిగా రాశానంది. తాడు చప్పుడు ఆగిపోయింది. ఫ్యాన్ నేను ఆపలేదు.

బొమ్మ వచ్చింది. అమ్మాయి లేదు.

వెలుతురు పెరిగింది. హాల్లోంచి ఎండలాంటి వెలుగు స్టేజీ మీదికి పడుతోంది. ఆ వెలుగులో, అమ్మాయి కూర్చున్న చోటు నుంచి మన కాళ్ల దాకా పొడుగ్గా ఒక నీడ పరుచుకుని ఉంది. నీడకి జడ ఉంది. నీడ పక్కన చెప్పుల జత, ఇప్పుడే విడిచినట్టు, ఒకటి కాస్త వంకరగా.

అబద్ధమెందుకు, మనిషి ఉన్న బొమ్మ కన్నా మనిషి లేని ఆ బొమ్మ ఎక్కువ భయపెట్టింది. పిచ్చుక రెండు చేతులతో మొహం కప్పుకుంది. అక్కకి ఇష్టం లేదు తాతా, తన పోస్టరు తీసెయ్యడం తనకి ఇష్టం లేదు అంది. గోరుచుట్టు మీద రోకటి పోటులా అప్పటికి టైము మూడు దాటింది. మిగిలింది ఒక్క బొమ్మ.

పిల్ల ఏడుస్తుంటే నాకు చేతనైన వైద్యం ఒక్కటే, కథ చెప్పడం. మా పెదతాత కథ ఎత్తుకున్నాను. మా పెదతాతకి పొట్టి దయ్యం అంటే చచ్చేంత భయం. అందుకని రోజూ దీపాలు పెట్టే వేళ వాకిట్లో నిలబడి, ఓ పొట్టి దయ్యమా, మా ఇంటికి రాకు అని మూడుసార్లు కేకేసేవాడు. ఆ దయ్యం ఉండేది మూడూళ్ల అవతల. దానికి మా ఇల్లు ఎక్కడో కూడా తెలీదు. ఎవరో రోజూ తన పేరు పెట్టి పిలుస్తున్నారు, ఏం పనో ఏమో అని పాపం నడుచుకుంటూ వచ్చింది. వచ్చాక పెదతాత ఇంకా గట్టిగా అరిచాడు. అది ఇంకా దగ్గరికొచ్చింది. ఆఖరికి అరుగెక్కి కూర్చుని, చాప వెయ్యి అంది.

"మరి ఎలా పోయింది?"

అడిగింది పిచ్చుక కాదు. గొంతు గుమ్మంలోంచి వచ్చింది. లైబ్రేరియన్ అమ్మగారు నిలబడి ఉన్నారు, చేతిలో రిజిస్టరుతో. ఫైలు మూడింటికల్లా తిరిగి రావాలి. రాకపోతే ఆవిడే స్వయంగా బయల్దేరుతారు. కాలేజీలో ఆ సంగతి తెలియనిది పిచ్చుకకే.

నేను లేచి లాప్‌టాప్‌కి అడ్డం నిలబడ్డాను. గుప్పెడు పిల్ల నా వెనక దాక్కుంటుంది కానీ వెలుగుతున్న తెర దాక్కుంటుందా. ఆవిడ నన్ను పక్కకి తప్పించలేదు. నా భుజం మీదుగా చూశారు. చాలాసేపు చూశారు. తెర మీద నీడ, చెప్పులు.

"ఎడమ చెప్పు ఎప్పుడూ అలాగే వంకరగా విడిచేది," అన్నారు.

పిచ్చుక వెక్కిళ్లలోనే అంతా చెప్పేసింది. మాస్టారు అన్నది, నలభై కాపీలు, మూడు బొమ్మలు, వద్దన్నకొద్దీ వస్తున్న అమ్మాయి. ఆంటీ, నేను కావాలని చెయ్యలేదు, మీ కంట పడకూడదనే చేశాను అంది. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. పిచ్చుక రాసింది చూపించమన్నారు. కళ్లజోడు పెట్టుకుని, పుస్తకం మొదటి పేజీ చదివినట్టు, మొదటి ప్రాంప్ట్ మెల్లగా చదివారు. చదివాక నా వైపు తిరిగారు.

"మీ పెదతాత దయ్యం ఎలా పోయిందో చెప్పలేదు మీరు."

ఎనిమిది నెలల తరవాత ఆవిడ నాతో మాట్లాడిన మొదటి పెద్ద మాట అది. మా పెదనాన్నమ్మ ఆయన నోరు మూయించి, చుట్టాలందరినీ పేరుపేరునా కేకేసిందండీ, వాకిలంతా నిండిపోయింది, దయ్యానికి కూర్చోడానికి చోటు లేక పోయింది అన్నాను. ఇది నిజంగా మా ఇంట్లో జరిగిందేనని కూడా అన్నాను. ఆవిడ నమ్మలేదు, కానీ తలూపారు.

"లైబ్రరీకి కొందరు పిల్లలొస్తారు," అన్నారు పిచ్చుకతో. "అది వద్దు, ఆ లావు పుస్తకం వద్దు, పోయినసారిది వద్దు అంటారు. వద్దన్నవన్నీ నా కళ్ల ముందు ఆడతాయి. కావలసింది మాత్రం ఏ అరలో వెతకను? నువ్వు రాసినదాంట్లో పది మాటలుంటే ఎనిమిది దాని గురించే. జడ, చెప్పులు, అంచు, ఒంటరితనం. బొమ్మ గీసేదానికి నువ్వు చెప్పిన వస్తువులవే కదా. రెండోసారి, మిగతాదంతా అలాగే ఉంచమన్నావు. నీడ మిగతాదే. చెప్పులూ మిగతావే. అది చెప్పినమాట విన్నది తల్లీ."

పిచ్చుక తెరవంక కొత్తగా చూసింది. అవును ఆంటీ, వద్దు అన్న మాటని ఇవి ఒక్కోసారి సరిగ్గా పట్టుకోవు, పేరు చెప్పిన వస్తువునే గీసేస్తాయి, మాకు క్లాసులో చెప్పారు కూడా, భయంలో మరిచిపోయాను అంది. ఆ తరవాత, అలా అయితే అక్క కాదా అది అని అడిగింది. అడిగిన తీరులో ఊరటా ఉంది, ఇంకేదో కూడా ఉంది.

అమ్మగారు బల్ల మీది ఫైలు తెరిచారు. పోయినేడు పోస్టరు. దాని మూలన చిన్న చీటీ, ఆవిడ చేతిరాతే. ప్రతి పోస్టరునీ రిజిస్టరులో ఎక్కించి, బొమ్మలో ఏముందో ఒక్క వాక్యం రాస్తారు. 'స్టేజీ అంచున ఒక అమ్మాయి' అని ఉంది. అంటే ఇది ఆవిడ చేతుల మీదుగానే ఫైలులోకి వెళ్లింది. మేమందరం ఆవిడ నుంచి దాచినది ఆవిడ ఫైలులోనే ఉంది.

"ఎనిమిది నెలలయింది," అన్నారు. "నా ఎదుట ఎవరూ దాన్ని పిలవలేదు. ఇవాళ నువ్వు పిలిచావు. వద్దంటూ అయినా సరే." "అలాగని నలభై గోడల మీద నేను భరించలేనమ్మా. రాయి. నీకేం కావాలో అది రాయి," అన్నారు.

అదిగో, అక్కడ ఆగిపోయింది పిచ్చుక. టైము మూడున్నర. తెర మీద ప్రాంప్ట్ రాసే ఖాళీ పెట్టెలో గీత ఆరుతూ వెలుగుతూ ఉంది. ఏం వద్దో అరగంటలో రాసిన పిల్లకి ఏం కావాలో ఒక్క ముక్క తోచలేదు. రాసింది, చెరిపింది. సంతోషంగా అని రాసింది. సంతోషం అంటే దానికేం కనిపిస్తుంది అని తనే చెరిపేసింది. లాప్‌టాప్ మూసి, పాతదే వేసుకోమని చెప్పేస్తా అని లేచింది కూడా. అమ్మగారు చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు. ఇక్కడ నువ్వు బాగా నవ్విన రోజు చెప్పు అన్నారు. బొమ్మ సంగతి తరవాత.

పిచ్చుక చెప్పడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం రిహార్సలు. పై కిటికీలోంచి ఏటవాలుగా ఎండ పడేది, అందులో దుమ్ము బంగారంలా తేలేది. డాన్సు జట్టు అయిదుగురు, ఎర్ర దుస్తులు, స్టేజీ నడిమధ్య చేతులు పట్టుకుని గుండ్రంగా తిరిగేవాళ్లు. ఒకరు జారితే అందరూ కూలబడేవాళ్లు. ముందు వరుసల్లో కుర్చీలెక్కి నిలబడి చప్పట్లు కొట్టేవాళ్లం, తాతయ్య తిట్టేవాడు. నేను తిట్టిన మాట నిజమే. కుర్చీలు ప్రభుత్వానివి, వాటిని ఎత్తి సర్దే నడుము మాత్రం నాది.

చెబుతూ చెబుతూనే టైపు చేసింది. ముందు పాత సంభాషణ మూసేసి కొత్తది తెరిచింది. పాతదాంట్లోనే రాస్తే వెనకటి మాటలూ బొమ్మలూ దాని మనసులో ఉండిపోతాయట. నిలువు పోస్టరు అని రాసింది. ఎండ ఎటు నుంచి పడుతుందో రాసింది. అయిదుగురు డాన్సర్లు, ఎర్ర దుస్తులు, నడిమధ్య, నవ్వుతూ. ముందు భాగంలో చప్పట్లు కొడుతున్న జనం నిండా. పై మూడోవంతు అంతా ముదురు నీలం తెర, సాదాగా. అక్షరాలు దాన్ని రాయమనలేదు. ఆ నీలం చోటు మీద తనే విడిగా తెలుగు ఫాంటులో పెట్టుకుంటానంది. వద్దు అనే మాట ఒక్కటీ లేదు. చెప్పులూ జడా ఊసే లేదు.

ముగ్గురం తెరకేసి చూస్తూ కూర్చున్నాం. మసక తిరిగింది. విడిపోయింది.

ఎండ. దుమ్ము. నీలం తెర. ముందు జనం లేపిన చేతులు. స్టేజీ నడిమధ్య ఎర్ర దుస్తుల్లో గుండ్రంగా డాన్సర్లు. అంచు మీద ఎవరూ లేరు. పిచ్చుక నవ్వింది, ఆ రోజుకి మొదటిసారి. అంతలోనే నవ్వు ఆగిపోయింది. తెర మీద వేలు పెట్టి లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది.

"అయిదుగురని రాశాను," అంది. "ఆరుగురున్నారు."

నేనూ లెక్కపెట్టాను. ఆరు. అయిదుగురు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. ఆరో అమ్మాయి వలయంలోనే ఉంది, వాళ్ల చేతులు పట్టుకునే ఉంది, మొహం మాత్రం ఇటు తిప్పింది. నవ్వుతోంది. నేను ఎరిగిన మొహం కాదది. ఎవరి మొహమూ కాదు. కానీ కాళ్లకి చెప్పులు లేవు. అయిదుగురికీ ఉన్నాయి.

పిచ్చుక గబగబా వివరం చెప్పింది. ఇవి లెక్క తప్పుతాయి, మనుషుల్ని, వేళ్లని లెక్కపెట్టడం వీటికి చేతకాదు, ఇది మామూలే అంది. ఒకటికి మూడుసార్లు మామూలే అంది. ఆరో అమ్మాయిని చెరిపెయ్యాలంటే ఇంకో బొమ్మ కావాలి. ఇవాల్టికి లేదు. టైము నాలుగుకి పన్నెండు నిమిషాలు.

అమ్మగారు కళ్లజోడు తీసి కొంగుతో తుడిచి మళ్లీ పెట్టుకున్నారు. తెరకి దగ్గరగా వంగారు. ఆవిడ ఊపిరి ఆ గాజు మీద చిన్న మసకలా పడింది.

"ఉండనీ," అన్నారు.

నీలం మీద 'సందడి' అని పిచ్చుక చక్కటి అక్షరాలు పెట్టింది, తేదీలు పెట్టింది. నాలుగుకి రెండు నిమిషాల ముందు గడియారం మాస్టారు వచ్చాడు. బొమ్మ ఒకసారి, గడియారం రెండుసార్లు చూసి, బాగుంది పంపెయ్యమన్నాడు. ఆయన లెక్కపెట్టలేదు. లెక్కల మాస్టారు కాదుగా, ఫిజిక్సు మాస్టారు.

నలభై గోడల మీద అదే అంటించారు. నలభైలో ముప్పై నా చేతి మీదుగానే. ప్రతి ఒక్కటీ అంటించే ముందు లెక్కపెట్టాను, ఎక్కడైనా అయిదవుతుందేమోనని. అవలేదు. స్టేజీ అంచు మాత్రం ఇప్పుడు చీపురుతో ఊడవను, తడిగుడ్డతో తుడుస్తాను. ఎందుకంటే దుమ్ము ఎక్కువ. అంతే.

వారం తరవాత కుర్చీల లెక్క రాయించడానికి లైబ్రరీకి వెళితే, అమ్మగారు కొత్త పోస్టరుని ఫైలుకి ఎక్కిస్తున్నారు. పోయినేటి దాని పక్కనే పెట్టారు. చీటీ మీద పేరు రాశారు, తేదీ రాశారు. బొమ్మలో ఏముందో రాసే చోట కలం ఆగింది. నేను నోటికి తాళం వేసుకోలేదు ఈసారి. పిచ్చుక అయిదుగురనే రాసిందండీ అమ్మగారూ అన్నాను.

ఆవిడ తల ఎత్తకుండానే 'స్టేజీ మీద ఆరుగురు' అని రాసి, సిరా ఆరేదాకా ఊదారు.